నొక్కాం సరే, మోటారు తిరిగిందా?

తెనాలిలో మా మావయ్యకి 79 ఏళ్లు, అత్తయ్యకి 74. ఇంటి వెనక సంపు, దాని పక్కన రేకుల షెడ్డులో ఒక హెచ్‌పీ మోటారు, మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. మోటారు వేయాలంటే వెనక తలుపు తీసి, మూడు మెట్లు దిగి, నాచు పట్టిన నాపరాళ్ల మీద నడిచి స్టార్టర్ దగ్గరికి చేరాలి. అది వానాకాలం చీకట్లోనో, తెల్లారి నాలుగున్నరకో జరిగే పని. ట్యాంకు నిండాక ఆపడానికి మళ్లీ అదే ప్రయాణం.

హైదరాబాద్‌లో ఉండే వాళ్లమ్మాయి ముందే ఒక వైఫై స్విచ్ కొనిచ్చి, దాని యాప్ మావయ్య ఫోన్‌లో వేసిపెట్టింది. ఫోన్ తాళం తీయాలి, యాప్ వెతకాలి, మధ్యలో వచ్చే ప్రకటన మూయాలి, గదుల జాబితాలో "వెనక" ఎంచుకోవాలి, అప్పుడు చిటికెన వేలి గోరంత స్విచ్ కనిపిస్తుంది. మావయ్య రెండ్రోజులు చూసి, "దీనికంటే మెట్లు దిగడమే నయంరా" అన్నారు. ఆయన లెక్క తప్పేం కాదు. అందుకే హాల్లో గోడకి పది అంగుళాల టాబ్లెట్ బిగించి, దాని మీద నాలుగే నాలుగు పెద్ద బటన్లు పెట్టాం. అందులో మోటారు బటన్ ఒక్కటీ సరిగా పనిచేయడానికి ఏమేం కావాలో చెబితే మిగతావి చాలావరకు అర్థమైపోతాయి.

ముందు ఏ బటన్లు పెట్టాలన్నది. ఇది కుర్రాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని తేల్చే విషయం కాదు. వారం రోజులపాటు వాళ్లిద్దరూ దేనికోసం లేచి వెళ్తున్నారో, దేనికోసం ఎవరినో పిలుస్తున్నారో అత్తయ్యనే క్యాలెండర్ వెనక రాయమన్నాం. మోటారు, గీజర్, వాకిలి లైటు, అమ్మాయికి ఫోను అని నాలుగు తేలాయి. ఏసీ, టీవీ, కర్టెన్లు ఆ జాబితాలో లేవు. టీవీ రిమోట్ ఆయన చేతిలోనే ఉంటుంది, దాన్ని తెర మీదికి ఎక్కించడం మన సరదా తప్ప ఆయన అవసరం కాదు. తర్వాత టాబ్లెట్ అంత కాగితం మీద నాలుగు గళ్లు గీసి గోడకి అంటించి, "గీజర్ వేయండి మావయ్యా" అంటూ ఆయన చేత కాగితాన్నే నొక్కించాం. అప్పుడే తెలిసింది, ఆయన నొక్కే ముందు ఎడమ చేత్తో గోడ పట్టుకుంటారని, బొటనవేలు కాగితం అంచు మీదికి వస్తుందని. అందుకే ఎడమ అంచున ఒకటిన్నర సెంటీమీటర్ల మేర ఏమీ లేకుండా ఖాళీగా వదిలేశాం.

ఎత్తు సంగతీ అక్కడే తేలింది. ఇద్దరివీ బైఫోకల్ కళ్లద్దాలు. దగ్గరవి చూసే భాగం అద్దంలో కింద ఉంటుంది. టాబ్లెట్ సరిగ్గా కళ్ల ఎత్తున ఉంటే దూరపు భాగంలోంచి చూడాల్సి వస్తుంది, అక్షరాలు చెదిరిపోతాయి, తల వెనక్కి వంచుతారు. ఛాతీ ఎత్తున పెట్టి, పైఅంచు కాస్త వెనక్కి వాల్చితే ఆ బాధ లేదు.

గూగుల్ తన ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకి బటన్ కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలని చెబుతుంది. అది మామూలు వేలికి సరిపోయే కొలత. చెయ్యి వణికేవాళ్లకి చాలదు. పది అంగుళాల తెర అడ్డంగా పెడితే దాదాపు ఇరవయ్యొక్క సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. పైన గడియారానికి కాస్త చోటు పోగా, రెండు వరసల్లో నాలుగు బటన్లు వేస్తే ఒక్కోటి సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అరచేత్తో కొట్టినా తగులుతుంది. అన్నీ ఒకే తెరలో ఇమిడిపోయాయి కాబట్టి పేజీ పైకీ కిందికీ కదలదు. కదిలే పేజీలో వేలు కొంచెం జారినా తెర దాన్ని నొక్కడంగా కాక తోయడంగా లెక్కేస్తుంది, బటన్ పలకదు. పెద్దవాళ్లు "ఇది ఒక్కోసారి పనిచేయదు" అనేదానికి సగం కారణం ఇదే.

తెలుగు అక్షరాలకి ఇంకో చిక్కుంది. దూరం నుంచి కనబడాలని మరీ లావు ఫాంటు వేస్తే అక్షరాల లోపలి గుండ్రాలు పూడుకుపోతాయి, కింద వత్తులు ముద్దైపోతాయి. మామూలు మందం ఉన్న ఫాంటునే పెద్ద సైజులో, వరసల మధ్య ఎడం ఎక్కువ ఇచ్చి వాడాలి. మేము నోటో సాన్స్ తెలుగు వాడాం. ఎడం చాలకపోతే పైన గుళ్లూ కింద వత్తులూ తెగిపోతాయి. ఇంగ్లిషులో పరీక్షించి చూసుకునేవాళ్లకి ఇది కనబడదు.

వెనక ఏముంది

దీని వెనక పనిచేసేది హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పౌలస్ షౌట్సెన్ అనే ఆయన 2013లో మొదలుపెట్టారు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద నడుస్తుంది. ఇంట్లో వైఫై ఉంటే చాలు, బయటి ఇంటర్నెట్ లేకపోయినా స్విచ్‌లు పనిచేస్తాయి. టాబ్లెట్‌లో ఫుల్లీ కియోస్క్ బ్రౌజర్ వేస్తే అది ఆ ఒక్క పేజీ తప్ప ఇంకేదీ తెరవనివ్వదు. హోమ్ అసిస్టెంట్‌లో పక్కన ఉండే మెనూ, పైనుండే పట్టీ దాచేయడానికి కియోస్క్ మోడ్ అనే చేర్పు ఉంది. మావయ్య పేరున అధికారాలు లేని వేరే ఖాతా తెరిచాం. సెట్టింగులు, గ్రాఫులు అన్నీ వాళ్లమ్మాయి ఫోన్‌లో మాత్రమే ఉంటాయి.

మెనూలు తీసేశామని అక్కడితో ఊరుకోకూడదు. అవి వేషం మార్చుకుని తిరిగొస్తాయి. "నిజంగా వేయమంటారా?" అని అడిగే పెట్టె మెనూయే. పక్కకి తోస్తే వచ్చే రెండో పేజీ మెనూయే. అన్నిటికంటే దొంగది, కాస్త ఎక్కువసేపు నొక్కితే తెరుచుకునే కిటికీ. వయసుతో వేలికొనల చర్మం పొడిబారుతుంది. టచ్ తెర వేలిలోని విద్యుత్ స్పర్శని పట్టుకుని పనిచేస్తుంది కాబట్టి పొడివేలిని సరిగా గుర్తించదు. గుర్తించలేదనిపిస్తే మనిషి గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతాడు. అర సెకను దాటితే హోమ్ అసిస్టెంట్ దాన్ని వేరే సైగగా తీసుకుని మోటారు వివరాలూ గ్రాఫూ ఉన్న కిటికీ తెరుస్తుంది. మావయ్యకి కావలసింది నీళ్లు, వచ్చింది గ్రాఫు. దీనికి విరుగుడు సులువే. రెండు సైగలకీ ఒకే పని చెప్పాలి.

```yaml
type: button
entity: switch.motor
name: మోటారు
tap_action:
  action: perform-action
  perform_action: script.motor_button
hold_action:
  action: perform-action
  perform_action: script.motor_button
```

ఇక్కడ బటన్ నేరుగా స్విచ్‌ని తిప్పడం లేదు, `script.motor_button` అనే చిన్న వరస ఆదేశాలని పిలుస్తోంది. కారణం చెయ్యి వణుకు. వణికే వేలు ఒక్కసారి నొక్కబోయి రెండుసార్లు తగులుతుంది. నేరుగా స్విచ్‌ని తిప్పే బటనైతే మొదటి తాకిడికి మోటారు ఆన్, రెండో తాకిడికి ఆఫ్. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ ఆదేశాల వరసకి `mode: single` అని పెడితే, ఒకసారి మొదలైన పని పూర్తయ్యేదాకా వచ్చే తాకిళ్లని అది పట్టించుకోదు. మా వరస పూర్తవడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లలో ఏం జరుగుతుందన్నదే ఈ మొత్తం పనిలో కీలకం.

ఆరు సెకన్లు

చాలా డాష్‌బోర్డులు నొక్కగానే బటన్‌కి పసుపు రంగు వేసి "ఆన్" అనేస్తాయి. దానర్థం రిలేకి ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. షెడ్డులో ఫ్యూజు పోయి ఉండొచ్చు, స్టార్టర్ ట్రిప్పై ఉండొచ్చు, సంపులో నీళ్లు లేకపోవచ్చు. తెర మీద మాత్రం ఆన్ అనే ఉంటుంది. ఇరవై నిమిషాల తర్వాత కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, పెద్దాయన ఆ తెరని నమ్మడం మానేసి, వేశాక షెడ్డు దాకా వెళ్లి చెవి పెట్టి విని వస్తారు. అప్పుడు మనం పెట్టిన టాబ్లెట్ ఆయనకి ఒక పని తగ్గించకపోగా ఇంకోటి చేర్చినట్టు.

కాబట్టి బటన్ మీద రాసే మాట స్విచ్ నుంచి రాకూడదు, మోటారు తినే కరెంటు నుంచి రావాలి. మోటారుకి వెళ్లే తీగ చుట్టూ తగిలించే సీటీ క్లాంప్ మీటర్ ఒకటి పెట్టాం. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అది మోటారు చేసే పని లెక్క. వేడికి, రాపిడికి పోయేది కలుపుకుంటే ఈ మోటారు సరిగా నీళ్లు తోడుతున్నప్పుడు 980 వాట్ల దగ్గర నిలబడుతుంది. సున్నా చూపిస్తే కరెంటు మోటారు దాకా రాలేదు. దాదాపు సగానికి పడిపోతే ఉత్తినే తిరుగుతోంది, నీళ్లు అందడం లేదు. మామూలుకంటే బాగా పైకెక్కి అక్కడే ఉండిపోతే తిరగకుండా ఊరికే హూంకరిస్తోంది, కెపాసిటర్ పోయిందో ఫ్యాన్ బిగుసుకుందో చూడాలి. ఈ అంకెలు మోటారు మోటారుకీ మారతాయి. ఒక రోజు మెకానిక్ ఉన్నప్పుడే సంపు వాల్వు ఒక్క క్షణం కట్టించి, మీ మోటారుకి ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోవాలి.

ఇక మావయ్యకి కనిపించేది ఇది. నొక్కకముందు బటన్ మీద పెద్ద అక్షరాల్లో "మోటారు ఆగి ఉంది", దాని కింద కొంచెం చిన్నగా "వేయడానికి నొక్కండి". ఈ రెండూ విడివిడిగా ఉండాలి. ఉత్తి "ఆన్" అని రాస్తే ఇప్పుడు ఆన్‌లో ఉందనా, నొక్కితే ఆన్ అవుతుందనా అన్నది ఎవరికీ తెలియదు. నొక్కగానే, కన్ను మూసి తెరిచేలోగా, బటన్ రంగు మారి "వేస్తున్నాను, ఆగండి" అని వస్తుంది. ఇది తెర మాట విన్నదని చెప్పడానికి. ఆరు సెకన్ల తర్వాత వాట్లు చూసి "మోటారు తిరుగుతోంది. 20 నిమిషాల్లో అదే ఆగుతుంది" అంటుంది. వాట్లు తేడాగా ఉంటే తనే ఆపేసి "సంపులో నీళ్లు లేనట్టున్నాయి. మోటారు ఆపేశాను" అంటుంది. "ఎర్రర్", "ఫెయిల్డ్" అన్న మాటలు ఎక్కడా లేవు. ఆ మాటలు చూస్తే ఆ తరంవాళ్లు తామే ఏదో పాడుచేశామనుకుంటారు.

బటన్ ఏ స్థితిలోనూ మాయమవదు, చోటు మారదు. కరెంటు లేనప్పుడు ఆ బటన్‌ని దాచేసే సౌకర్యం ఉంది, మేము వాడలేదు. అత్తయ్య అక్షరాలు చదవరు, కుడివైపు పైది మోటారు అని చేతికి గుర్తు. అదే చోట "కరెంటు లేదు" అని ఉంటే చాలు. రంగు కూడా ఒంటరిగా ఏమీ చెప్పకూడదు. వయసుతో కంటి లెన్సు పసుపుబారి నీలం మసకగా కనబడుతుంది, శుక్లాలుంటే మరీను. లేత రంగు మీద ముదురు అక్షరాలు, ఆగినప్పుడూ తిరిగేటప్పుడూ వేర్వేరు బొమ్మలు పెట్టాం.

శబ్దం విషయంలో చాలామంది కీచుమనే బీప్‌తో సరిపెడతారు. వయసుతో చెవి ముందు కోల్పోయేది ఆ కీచు స్వరాలనే. మావయ్యకి అది అసలు వినబడదు, పక్కింటి పిల్లాడికి మాత్రం బాగా వినబడుతుంది. అందుకే వాళ్లమ్మాయి గొంతుతోనే నాలుగు వాక్యాలు రికార్డు చేయించాం. "నాన్నా, మోటారు తిరుగుతోంది" అని టాబ్లెట్ అంటే ఆయన "సరేనమ్మా" అని జవాబిస్తారు.

తెర లేకపోయినా ఆగాలి

మోటారుతో పనిలో కొన్ని విషయాలు డాష్‌బోర్డు చేతిలో ఉండకూడదు. మొదటిది రిలే. మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గులో మోటారు నేరుగా పెడితే కొన్నాళ్లకి లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆపమన్నా ఆగదు. చిన్న రిలే కాంటాక్టర్‌ని నడపాలి, కాంటాక్టర్ మోటారుని నడపాలి. ఓవర్‌లోడ్ ట్రిప్పు ఉన్న పాత స్టార్టర్ అలాగే ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, యూట్యూబ్ చూసి మనం చేసేది కాదు.

రెండోది కరెంటు పోయి రావడం. చాలా రిలేలు కరెంటు తిరిగి రాగానే ఇంతకుముందున్న స్థితికి వెళ్లిపోతాయి. అర్ధరాత్రి రెండింటికి కరెంటు వచ్చి మోటారు తనంత తానే మొదలైతే మేడ మీంచి నీళ్లు కారతాయి, అంతకంటే ముందు మనుషులు హడలిపోతారు. మూడోది, ఆపాల్సిన సమయానికి రాస్ప్‌బెర్రీ పై మొరాయిస్తే మోటారు ఎవరు ఆపుతారన్నది. రెండింటికీ జవాబు రిలే లోపలే పెట్టుకోవాలి. మా రిలేలో టాస్మోటా అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఉంది. దానికి ఈ రెండు ఆజ్ఞలు ఒక్కసారి ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది.

```
PowerOnState 0
PulseTime1 1300
```

మొదటిది కరెంటు వచ్చినప్పుడు ఆఫ్‌లోనే ఉండమనడం. రెండోది ఎవరు వేసినా 20 నిమిషాల తర్వాత ఆపేయమనడం. 20 నిమిషాలంటే 1200 సెకన్లు. టాస్మోటా సెకన్లకి 100 కలిపి రాయమంటుంది కాబట్టి 1300. నిమిషానికి సుమారు 50 లీటర్లు తోడే మోటారు ఆ వ్యవధిలో వెయ్యి లీటర్ల ట్యాంకు నింపుతుంది. రూటరు, పై, టాబ్లెట్ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, మోటారు లేదు.

గీజర్ బటన్ కూడా ఇదే పద్ధతి, పదిహేను నిమిషాలకి ఆగిపోతుంది. ఫోను బటన్ ఒక్కటే కాస్త వేరు. పొరపాటున తగిలితే అమ్మాయి ఆఫీసులో కంగారు పడుతుంది కనుక నొక్కాక అయిదు సెకన్లు "అమ్మాయికి చేస్తున్నాను. వద్దనుకుంటే మళ్లీ నొక్కండి" అని ఉంటుంది. అందులోనూ మొదటి రెండు సెకన్ల తాకిళ్లు లెక్కలోకి రావు, లేకపోతే వణుకుడు చెయ్యి కాల్ మొదలుపెట్టి తనే రద్దు చేసేస్తుంది. ఇది నెట్ మీద ఆధారపడ్డ బటన్ కాబట్టి ప్రాణం మీదికొచ్చినప్పుడు దీన్నే నమ్ముకోకూడదని వాళ్లిద్దరికీ విడిగా చెప్పాం. పక్కింటివాళ్ల నంబరు గోడ మీద పెద్దగా రాసే ఉంది. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లుండే ఇంట్లోనైతే మోటారు, గీజర్ బటన్లు నేను పెట్టను.

టాబ్లెట్‌ని ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. దాని ఛార్జర్‌ని ఒక స్మార్ట్ ప్లగ్గుకి తగిలించి, ఛార్జి 30 శాతానికి దిగితే వేసి, 80కి చేరితే తీసేయమని హోమ్ అసిస్టెంట్‌కే అప్పగించాం. పనమ్మాయి తడిగుడ్డతో తెర తుడిచినప్పుడు నాలుగు బటన్లూ ఒకేసారి మోగుతాయి. దానికి మందు లేదు. 20 నిమిషాల గడువే కాపాడుతుంది.

బటన్ సరిగా పనిచేస్తోందా అని పెద్దవాళ్లని అడిగితే "బానే ఉందిరా" అంటారు. నొచ్చుకుంటామని. అసలు సంగతి లాగ్‌లో ఉంటుంది. ఒక పని నడుస్తుండగా మళ్లీ నొక్కితే `mode: single` దాన్ని వదిలేస్తుంది కానీ, `Already running` అని ఒక హెచ్చరిక రాసిపెడుతుంది. ఆ హెచ్చరిక కనబడిందంటే, నొక్కిన మనిషికి తెర విన్నదన్న నమ్మకం కలగలేదని అర్థం. మొదటి నెల మోటారు బటన్‌కి అవి రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్యే ఎక్కువ వచ్చాయి. ఆ వేళకి టీవీ మోత, పైగా ఎదుటి ట్యూబ్‌లైటు తెర మీద మెరిసి "వేస్తున్నాను" అన్న మాట కనబడేది కాదు. టాబ్లెట్ ఒక పక్కకి కొంచెం తిప్పాం, సాయంత్రం గొంతు పెంచాం, తగ్గిపోయాయి.

తెల్లవారుజామున గీజర్ విషయం వేరే. లాగ్‌లో హెచ్చరికలే లేవు, అయినా అత్తయ్య "పొద్దున పూట రెండుసార్లు నొక్కాలి" అనేవారు. రాత్రి తెర ఆరిపోతుంది. ఆరిన తెర మీద పడ్డ మొదటి తాకిడి దాన్ని మేలుకొలపడానికే ఖర్చవుతుంది, బటన్ దాకా చేరదు. అందుకే లాగ్‌కి తెలియలేదు. స్క్రీన్ సేవర్ పెట్టినా ఇదే గొడవ. ఇప్పుడు రాత్రి తెర ఆర్పడం లేదు, వెలుతురు మాత్రం బాగా తగ్గిస్తున్నాం. పది గంటలకి తగ్గి, నాలుగింటికి పెరిగేలా హోమ్ అసిస్టెంట్‌లో పెట్టాం. "నాలుగింటికెందుకు, మూడున్నరకి పెంచు, నేను లేచేది అప్పుడే" అని అత్తయ్య ఫోన్ చేసి మార్పించుకున్నారు.